పైపు లోపల పెద్దది, పైపు చుట్టూ చిన్నది: అపార్టుమెంటులో బొద్దింకలు ఇల్లు మారే దారులు

మూడో అంతస్తులో మందు కొట్టించిన వారానికి నాలుగో అంతస్తు వంటింట్లో బొద్దింకలు కనిపిస్తాయి. నాలుగో అంతస్తువాళ్లు కొట్టించగానే రెండో అంతస్తులో మొదలవుతాయి. రెండు మూడు నెలలకి మళ్లీ మూడో అంతస్తుకే వస్తాయి. ప్రతి ఇంటివాళ్లూ విడివిడిగా డబ్బులు ఖర్చుపెట్టి, ప్రతిసారీ "ఈసారి మందు కల్తీ" అనుకుంటారు. చాలాసార్లు మందులో దోషం ఉండదు. ఆ మూడిళ్లూ బొద్దింక లెక్కలో ఒకే ఇల్లు. గోడలు మనుషులకే అడ్డం.

ఈ చిక్కు విప్పాలంటే ముందు తేల్చుకోవాల్సింది ఏ బొద్దింక అన్నది. మన అపార్టుమెంట్లలో ప్రధానంగా రెండు రకాలుంటాయి. అవి వచ్చే దారులు వేరు, వాటికి చేయాల్సిన పనులూ వేరు. ఒకదానికి చేసే వైద్యం రెండోదానికి చేయడం వల్లే సగం డబ్బు వృథా అవుతుంది.

పెద్దది అమెరికన్ బొద్దింక. ఒకటిన్నర అంగుళం పొడవు, ఎర్రటి గోధుమ రంగు. రాత్రి బాత్రూం లైటు వేయగానే ఒకటో రెండో కనిపించి కేకలు పెట్టించేది ఇదే. దీని అసలు కాపురం మ్యాన్‌హోళ్లలో, డ్రైనేజీ ఛాంబర్లలో, అన్ని అంతస్తుల పైపులూ నిలువుగా దిగే డక్టు అడుగున పేరుకున్న చెత్తలో. ఇది పైపు లోపలి నుంచి వస్తుంది, లేదా పైపు పట్టుకుని బయటి నుంచి ఎక్కి బాత్రూం వెంటిలేటరులోంచి దిగుతుంది.

చిన్నది జర్మన్ బొద్దింక. అర అంగుళానికి కొంచెం అటూ ఇటూ, లేత గోధుమ రంగు, తల వెనక కవచం మీద నిలువుగా రెండు నల్లటి గీతలు. రెక్కలున్నా ఎగరదు. గ్యాస్ పొయ్యి కింద, ఫ్రిజ్ మోటారు దగ్గర, సింకు కింది అరలో గుంపులు గుంపులుగా ఉంటుంది. పేర్లు చూసి మోసపోనక్కర్లేదు. 2024లో వెలువడిన జన్యు పరిశోధన ప్రకారం ఈ జర్మన్ బొద్దింక సుమారు 2100 ఏళ్ల కిందట భారతదేశం లేదా మయన్మార్ ప్రాంతంలో ఆసియా బొద్దింక నుంచి విడిపోయింది. అంటే మన వైపుదే.

చిన్నది డ్రైనేజీలో బతికే రకం కాదు. వేడి, తేమ, తిండి దగ్గరదగ్గరగా ఉన్న మనుషుల ఇళ్లే దానికి ఆధారం. అందుకని అది పైపు లోపలినుంచి కాదు, పైపు చుట్టూ ఉన్న సందులోంచి ఇల్లు మారుతుంది. ఈ ఒక్క తేడా పట్టుకుంటే మిగతాదంతా విడిపోతుంది. సింకు జాలీ మార్చడం, డ్రెయిన్‌లో ఫినాయిల్ పోయడం చిన్నదాన్ని ఏమీ చేయవు. వంటింట్లో జెల్ పెట్టించడం డ్రైనేజీలో ఉన్న పెద్దదాన్ని ఏమీ చేయదు.

పెద్దదాని సంగతి త్వరగా ముగించవచ్చు. బాత్రూం నేలలో ఉండే నహానీ ట్రాప్‌లో సుమారు రెండంగుళాల నీరు ఎప్పుడూ నిలిచి ఉండాలి. ఆ నీరే తలుపు. వాడని బాత్రూంలో, తాళం వేసిన ఫ్లాటులో ఆ నీరు ఎండిపోతుంది, తలుపు తెరుచుకుంటుంది. వారానికోసారి చెంబెడు నీళ్లు పోస్తే చాలు. ఎక్కువ రోజులు ఊరెళ్లేటప్పుడు నీళ్ల మీద రెండు చెంచాల వంటనూనె పోస్తే నీరు ఆవిరి కావడం బాగా నెమ్మదిస్తుంది. కింద ఛాంబర్ల మూతలు పగిలి ఉంటే మార్చాలి, వెంటిలేటర్లకు సన్నటి జాలీ బిగించాలి, డక్టు అడుగు ఊడ్పించాలి. ఇవన్నీ అసోసియేషన్ చేయదగిన మామూలు పనులు. అసలు తలనొప్పి చిన్నదానితోనే కాబట్టి ఇక్కడి నుంచి మాట్లాడేదంతా దాని గురించే.

గోడలో దాని దారులు

ఎదిగిన చిన్న బొద్దింకకు 1.6 మిల్లీమీటర్ల సందు చాలు. రెండు ఏటీఎం కార్డులు ఒకదానిమీద ఒకటి పెట్టినంత మందం అది. పిల్లలకు ఒక్క కార్డు దూరే సందు సరిపోతుంది. ఇంట్లో దారులు వెతకడానికి ఇంతకంటే మంచి పనిముట్టు లేదు. పాత కార్డు ఒకటి పట్టుకుని సింకు కింద పైపు గోడలోకి వెళ్లే చోట చుట్టూ తిప్పి చూడండి. కార్డు లోపలికి పోయిన ప్రతి చోటూ దారే.

ఆ సందు ఎందుకు ఏర్పడుతుందంటే, పైపు కోసం గోడను పైపు కంటే ఒకటి రెండు అంగుళాలు పెద్దగానే పగలగొడతారు. ప్లంబరు పైపు పెట్టి వెళ్లిపోతాడు. ఆ తర్వాత మేస్త్రీ వచ్చి ఇంటివైపు కనిపించే భాగంలో సిమెంటు మెత్తుతాడు, డక్టువైపు వదిలేస్తాడు. పీవీసీ పైపు వేడికి సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. సిమెంటు దాన్ని అంటుకుని ఉండదు. రెండు మూడు వేసవులు గడిచేసరికి పైపు చుట్టూ ఉంగరంలా సన్నటి ఖాళీ వస్తుంది. అదే డక్టులో పై ఇంటివి, కింది ఇంటివి, పక్కింటివి అన్నిటికీ అలాంటి ఉంగరాలే. బొద్దింకకు ఆ డక్టు మెట్లదారి.

ఇంకో దారి దాదాపు ప్రతి వంటింట్లోనూ ఉంటుంది కానీ ఎవరూ చూడరు. సింకు కింద ముడతల గొట్టం ఉంటుంది కదా, దాని చివర గోడలోనో నేలలోనో ఉన్న పెద్ద పైపులో ఊరికే గుచ్చి ఉంటుంది. చుట్టూ వేలు పట్టే ఖాళీ. దానికి బిగుతైన రబ్బరు రింగు దొరుకుతుంది. ప్లంబరుకి పది నిమిషాల పని. ఇది బిగిస్తే పెద్దదీ ఆగుతుంది, వాసనా ఆగుతుంది.

మూడోది డక్టుతో సంబంధం లేని దారి. పక్కింటికీ మనకీ ఉమ్మడి గోడ ఉంటే, ఆ గోడలో కరెంటు స్విచ్ బోర్డుల డబ్బాలు తరచూ వీపు వీపు ఆనించి ఉంటాయి. నాలుగున్నర అంగుళాల గోడలో అటొక డబ్బా, ఇటొక డబ్బా పెట్టాక మధ్యలో మిగిలేది పలచటి సిమెంటు పొర, ఒక్కోసారి అదీ ఉండదు. ఫ్రిజ్ స్విచ్ బోర్డు చుట్టూ మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు కనిపిస్తే, అది బొద్దింకల రెట్ట. పక్కింటి వంటిల్లు ఆ గోడ అవతలే ఉందని దాదాపు నమ్మొచ్చు. ఏసీ రాగి గొట్టాల రంధ్రం, ఇంటర్నెట్ కేబుల్ కోసం చేసిన బెజ్జం, గ్యాస్ పైపు రంధ్రం కూడా ఇదే కోవలోవి.

ఇదంతా ఊహ కాదు. అమెరికాలో ఓవెన్స్, బెన్నెట్ అనే కీటక శాస్త్రవేత్తలు అపార్టుమెంట్లలో బొద్దింకలకు గుర్తులు వేసి వదిలి, ఎక్కడ తేలతాయో చూసి 1982లో ప్రచురించారు. పైపులు ఉమ్మడిగా ఉన్న ఇళ్ల మధ్యే రాకపోకలు ఎక్కువని తేలింది. కాబట్టి మీ బొద్దింకలకు చుట్టాలెవరో తెలియాలంటే మీ అంతస్తు మొత్తం చూడక్కర్లేదు. మీ డక్టును పంచుకునే ఇళ్లు చూడాలి.

ఒక్కరే కొట్టిస్తే ఎందుకు తిరగబడుతుంది

మామూలుగా కొట్టే వాసన మందులు, దుకాణంలో దొరికే స్ప్రే డబ్బాలు, మందు చాక్‌పీసులు ఎక్కువ భాగం పైరెత్రాయిడ్ జాతివి. నేరుగా మీద పడితే బొద్దింక చస్తుంది. కానీ వీటికి రెండు లోపాలున్నాయి. మొదటిది, ఈ మందులు బొద్దింకను తరుముతాయి. తడిసిన చోటు తప్పించుకుని అది పైపు సందులోకి, అక్కణ్నుంచి పై ఇంట్లోకి పోతుంది. రెండోది, ఏళ్ల తరబడి వాడకం వల్ల చాలా చోట్ల చిన్న బొద్దింకలు వీటిని తట్టుకోవడం నేర్చేశాయి. గదిలో పెట్టి తలుపేసి వచ్చే పొగ డబ్బాలదీ అదే కథ. 2019లో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీవాళ్లు ఇళ్లలో పరీక్షించి చూస్తే బొద్దింకల సంఖ్య తగ్గలేదు, మందు అవశేషాలు మాత్రం ఇంట్లో మిగిలాయి. పొగ సందుల్లోకి చేరదు, బొద్దింక సందుల్లోంచి రాదు.

దాని కాపురం తీరు కూడా చూడాలి. ఆడది 30 నుంచి 40 గుడ్లున్న సంచిని ఒంటికి అంటిపెట్టుకుని తిరుగుతుంది, పిల్లలు బయటికొచ్చే ముందు రోజు వరకూ వదలదు. మూడు నాలుగు వారాల ఆ కాలంలో అది పెద్దగా తినదు, చాటునుంచి కదలదు. అంటే ఈ రోజు పెట్టిన మందు దాన్ని అందుకోకపోవచ్చు. నెల తిరిగేలోపు ఒక్కసారిగా చిన్నచిన్న నల్లటి పిల్లలు కనిపిస్తే చాలామంది మందు ఓడిపోయిందనుకుంటారు. అది మొదటి విడత తర్వాత రావాల్సిన అలే. రెండో విడత వేయకపోతేనే ఓటమి.

అందుకే ఈ రంగంలో పని తెలిసినవాళ్లు చిన్న బొద్దింకకు జెల్ మీదే ఆధారపడతారు. మన దేశంలో ఎక్కువగా దొరికేవి ఇమిడాక్లోప్రిడ్ 2.15 శాతం, ఫిప్రోనిల్ 0.05 శాతం జెల్‌లు. ఇది ఎర. తిన్న బొద్దింక వెంటనే చావదు, గూటికి వెళ్లి చస్తుంది. దాని రెట్టనీ, శవాన్నీ తిన్న పిల్లలు కూడా చస్తాయి. తరమదు కాబట్టి పై ఇంటికి పంపదు. కానీ జెల్ పక్కన ఎవరైనా స్ప్రే కొట్టారో, బొద్దింక ఆ ఎరను ముట్టదు. ఒక ఇంట్లో జెల్, పక్కింట్లో స్ప్రే అయితే మొదటి ఇంటి ఖర్చు రెండో ఇంటివాళ్లు తుడిచేసినట్టే. పక్కిళ్లు కలిసి చేయాలనడం మర్యాద కోసం కాదు, ఇందుకోసం.

లెక్కలతో మొదలుపెట్టాలి

"మీ ఇంట్లో ఉన్నాయా" అని గ్రూపులో అడిగితే నిజం రాదు. కొందరు సిగ్గుపడి లేవంటారు. కొందరికి నిజంగానే తెలియదు, ఎందుకంటే చిన్నవి పగలు బయటికి రావు, గుంపు పెద్దదై చోటు చాలనప్పుడే పగలు కనిపిస్తాయి. అడగడం మాని కొలవాలి. కొలవడానికి జిగురు అట్టలు చాలు.

ఆ డక్టు మీదున్న ప్రతి ఫ్లాటులో నాలుగేసి అట్టలు పెట్టాలి: సింకు కింద, ఫ్రిజ్ వెనక, పొయ్యి ఉన్న గట్టు కింది అరలో, డక్టువైపున్న బాత్రూం మూలలో. గోడ, నేల కలిసే అంచుకు ఆనించి పెట్టాలి. బొద్దింక అంచు పట్టుకునే నడుస్తుంది, గది మధ్యలో పెట్టిన అట్టలో ఏమీ పడదు. అన్ని ఇళ్లలో ఒకే రోజు పెట్టి, ఏడు రాత్రులు ఉంచి, ఒకే రోజు తీయాలి. తీసేటప్పుడు అట్ట మీద ఫ్లాటు నంబరు, చోటు, తేదీ రాసి ఫోటో తీస్తే లెక్క తర్వాతైనా చూడొచ్చు. పెద్దవి, చిన్నవాటిలో ఎదిగినవి, పిల్లలు అని మూడు అంకెలు వేయాలి. పిల్లలు పడ్డ ఇంట్లో సంతానం ఉందన్నమాట. ఎదిగినవి ఒకటి రెండే పడి పిల్లలు లేకపోతే, అవి వేరే ఇంటినుంచి వచ్చిన అతిథులు కావచ్చు.

ఒక ఉదాహరణ వేసుకుందాం. స్టిల్ట్ మీద అయిదంతస్తులు, అంతస్తుకు నాలుగు ఫ్లాట్లు. 01, 02 నంబర్ల వంటిళ్లు రెండూ ఒకే డక్టు వైపు ఉన్నాయి. అంటే చూడాల్సింది 20 ఇళ్లు కాదు, 10. నలభై అట్టలు. వారం తర్వాత చిన్న బొద్దింకల లెక్క ఇలా వచ్చిందనుకోండి: 302లో 146, 402లో 38, 202లో 21, 301లో 17, 502లో 3. మిగతా అయిదిళ్లలో సున్నా. 101లో మాత్రం పెద్దవి రెండు.

ఈ అంకెలు చాలా చెబుతాయి. మూలం 302. దాని పైనా కిందా ఉన్న 402, 202 డక్టు ద్వారా అందుకున్నవి. పైకి ఎక్కువ, కిందికి తక్కువ వెళ్లడాన్ని బట్టి పెద్ద సిద్ధాంతాలు చేయనక్కర్లేదు, 402 సింకు కింద సందు పెద్దదేమో ముందు చూడాలి. 301కి మాత్రం దారి వేరు కావచ్చు. 301లో పదిహేడులో పన్నెండు ఫ్రిజ్ వెనక అట్టలో, సింకు కింద ఒకటి మాత్రమే పడితే, అవి డక్టులోంచి రాలేదు, ఉమ్మడి గోడలోని స్విచ్ బోర్డులోంచి వచ్చాయి. 502లో పడ్డ మూడూ ఎదిగినవే అయితే అక్కడింకా సంసారం మొదలవలేదు. 101ది డ్రైనేజీ సమస్య, ఈ పట్టికలో చేర్చకూడదు, నహానీ ట్రాప్ చూడాలి.

ఈ పట్టికను గ్రూపులో పెట్టేటప్పుడు ఫ్లాటు నంబర్లతో పెట్టొద్దన్నది మా గట్టి సలహా. ఒక్కసారి "302 వాళ్ల వల్లే" అన్న మాట పుడితే తర్వాతి సర్వేలో ఎవరూ తలుపు తీయరు. పైగా 302 మూలం కావడానికి వాళ్ల శుభ్రతే కారణం కానక్కర్లేదు. సెకండ్ హ్యాండ్ ఫ్రిజ్ ఒకటి చాలు. అంకెలు సెక్రటరీ దగ్గర, మందు వేసేవాళ్ల దగ్గర ఉంటే సరిపోతుంది. గ్రూపులో పెట్టాల్సింది ఇంతే:

"01, 02 వరుసల వారికి: శనివారం ఉదయం 9 నుంచి 1 వరకు జెల్ వేస్తారు. పదిళ్లలో ఎవరో ఒకరు ఉండాలి, లేకపోతే తాళంచెవి వాచ్‌మన్‌కి ఇవ్వండి. సింకు కింది అర, పొయ్యి కింది అర మాత్రమే ఖాళీ చేయండి. గురువారంలోగా జిడ్డు కడగండి. ఇవాళ్టి నుంచి స్ప్రే, చాక్‌పీసు ఎవరూ వాడొద్దు."

ఒకే పూట, పదిళ్లూ

జెల్ వేయడంలో రహస్యం ఒకటే: చుక్క చిన్నదిగా, చోట్లు ఎక్కువగా. కందిగింజంత చుక్క అంటే సుమారు పదోవంతు గ్రాము. బొద్దింక ఎక్కువగా తన చాటుకి దగ్గర్లోనే తిండి వెతుక్కుంటుంది, అందుకే ఒకచోట పెద్ద ముద్ద పెట్టడం కన్నా ఇరవై చోట్ల చుక్కలు పెట్టడం మేలు. అర తలుపుల బందుల దగ్గర, సొరుగు పట్టాల వెనక, గట్టు రాయి కింది అంచున, సింకు పైపు గోడలోకి పోయే చోట, ఫ్రిజ్ వెనక అడుగు అంచున, నీళ్ల ఫిల్టరు వెనక. తడి తగిలే చోట, పొయ్యి సెగ తగిలే చోట వేస్తే పాడవుతుంది. పిల్లల చేతికి, కుక్క నోటికి అందని చోటే వేయాలన్నది చెప్పనక్కర్లేదు.

మన ఉదాహరణలో 302కి 15 నుంచి 20 గ్రాములు పట్టొచ్చు. 402, 202, 301లకు అయిదేసి గ్రాములు. 502కీ, సున్నా వచ్చిన అయిదిళ్లకీ రెండేసి గ్రాములు, అదీ డక్టు వైపు, సింకు చుట్టూ మాత్రమే. మందు డబ్బా మీద రాసిన మోతాదు దాటకూడదు, ఆ రాత ఈ వ్యాసం కన్నా పెద్దది. "మా ఇంట్లో ఒక్కటీ లేదు, మేమెందుకు" అని సున్నావాళ్లు అడుగుతారు. 302లో తిండి తగ్గి, గుంపు చెదిరితే మొదట తట్టేది వాళ్ల తలుపే. ఆ రెండు గ్రాములు కాపలా.

జెల్ వేసిన రోజు ఇల్లంతా తుడవొచ్చు, చుక్కలున్న అంచులు తప్ప. వచ్చే పనిమనిషికి ఆ చోట్లు చూపించాలి. ఈ ఒక్కటి మరచిపోవడం వల్ల మొదటి రోజే మందంతా తుడుచుకుపోయిన ఇళ్లు చాలా ఉంటాయి.

పద్నాలుగో రోజున మళ్లీ వచ్చి చూడాలి. చుక్క మాయమైతే తిన్నాయని అర్థం, అక్కడ మళ్లీ పెట్టాలి. చుక్క ఎండి రాయిలా ఉంటే గీకి తీసేసి కొత్తది పెట్టాలి. చుక్క తాజాగానే ఉండి, పక్కనే బొద్దింకలు తిరుగుతుంటే రెండు కారణాలు చూడాలి. ఎవరో దగ్గర్లో స్ప్రే కొట్టి ఉంటారు. లేదా ఆ గుంపుకి ఆ ఎర రుచించడం లేదు. జెల్‌లో కలిపే గ్లూకోజ్ తీపిని అసహ్యించుకునే బొద్దింకల గురించి 1993లోనే అమెరికాలో రాశారు. అప్పుడు వేరే రకం మందు, వేరే ఎర ఉన్న జెల్‌కి మారాలి, అదే కంపెనీది ఇంకాస్త ఎక్కువ వేయడం కాదు.

మళ్లీ ఏడు రాత్రుల అట్టలు 28వ రోజున, 56వ రోజున, 84వ రోజున. మన ఉదాహరణలో 28వ రోజుకి 302 లెక్క 146 నుంచి 31కి దిగి, ఆ 31లో 27 పిల్లలే అయితే పని సరైన దారిలో ఉంది. గుడ్ల సంచుల్లోంచి వచ్చినవి అవి, ఆ రోజే మూడో విడత జెల్ పడాలి. 56వ రోజున 302లో 4కి దిగి, 402లో మాత్రం 28వ రోజున ఉన్న 6 నుంచి 19కి పెరిగిందనుకోండి. మందు మార్చే ముందు 402 సింకు కింద వంగి చూడాలి. ప్లంబరు వచ్చి ఏదో రిపేరు చేసి, పైపు చుట్టూ మూసిన సీలు పగలగొట్టి వదిలేసి ఉండొచ్చు. లేదా అత్తగారు ఊరినుంచి వచ్చి, బొద్దింకను చూసి స్ప్రే తెప్పించి ఉండొచ్చు. రెండూ జరిగేవే.

సందులు మూయడం

సందులు ఎప్పుడు మూయాలన్న దాని మీద పనివాళ్లలోనే తేడా ఉంది. మొదటి రోజే మూస్తే గోడలో ఉన్నవి వేరే దారి వెతుక్కుని ఊహించని చోట తేలతాయి. మరీ ఆలస్యం చేస్తే రాకపోకలు సాగుతూనే ఉంటాయి. మాకు సరైనదిగా తోచేది ఇది: మొదటి విడతలో సందు నోట్లో జెల్ పెట్టి, రెండో విడత వేసిన రోజునే, అంటే పద్నాలుగో రోజున, ఇళ్ల మధ్య దారులన్నీ మూయడం మొదలుపెట్టాలి. లోపల మిగిలినవి అప్పటికే తక్కువ ఉంటాయి, మూసుకున్నాక తినడానికి ఉన్నదీ ఆ జెల్లే.

పావు అంగుళం కంటే సన్నటి ఉంగరానికి సిలికాన్ సీలెంటు సరిపోతుంది, పైపు సాగినా ముడుచుకున్నా అది ఊడదు. ముందు జిడ్డు, దుమ్ము తుడిచి ఆరబెట్టాలి, లేదంటే నెలలో పెచ్చులా లేస్తుంది. వైట్ సిమెంటు పూత ఇక్కడ పనికిరాదు, సందు పుట్టిందే సిమెంటు పీవీసీని అంటుకోకపోవడం వల్ల. వేలు పట్టే ఖాళీ అయితే ఒకటికి మూడు పాళ్ల సిమెంటు, ఇసుక కలిపి నింపి, ఆరాక పైపు చుట్టూ అంచుకు సిలికాన్ గీయాలి. కొందరు నురుగు స్ప్రేతో నింపి వదిలేస్తారు. దాన్ని ఎలుకలు కొరికేస్తాయి. డక్టులో ఎలుకలు తిరుగుతుంటే ముందు సన్నటి స్టీలు జాలీ కుక్కి, ఆ పైన సిమెంటు వేయాలి.

స్విచ్ బోర్డుల పని ఎలక్ట్రీషియన్‌దే. మెయిన్ ఆపి, ప్లేటు తీసి, డబ్బాలోకి వైర్లు వచ్చే గొట్టాల నోళ్లు, డబ్బా చుట్టూ గోడ అంచు మూయాలి. లోపల జెల్ కానీ నీళ్లతో కలిపిన మందు కానీ వేయకూడదు.

డక్టు లోపలివైపు పని చేయడానికి మనిషిని పైనుంచి దించే ఆలోచన చేస్తారు కొందరు. పైపుల మీద కాళ్లు పెట్టి దిగడం ప్రాణాలమీదికి వచ్చే పని, పైగా అనవసరం. ప్రతి ఇంటి లోపలివైపు మూస్తే చాలు. డక్టు గోడకు బయటినుంచి తలుపు ఉంటే మాత్రం ఆ అందినంత మేర చేయొచ్చు.

డక్టులో పైనుంచి మందు పిచికారీ చేయించడం ఇంకా పెద్ద పొరపాటు. ఆ గాలి వెంటిలేటర్ల గుండా పదిళ్ల బాత్రూముల్లోకి, వంటిళ్లలోకి వస్తుంది. బొద్దింకలూ అదే దారిన వస్తాయి. ఇంతకన్నా ప్రమాదం ధాన్యానికి వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు. బొద్దింకలకో నల్లులకో అని ఎవరైనా వాటిని ఇంట్లో పెడతామంటే వెంటనే ఆపాలి. వాటినుంచి వచ్చే ఫాస్ఫీన్ వాయువు మనం ఇప్పటిదాకా మాట్లాడుకున్న ఈ సందుల్లోంచే పక్కింట్లో నిద్రపోతున్నవాళ్ల దగ్గరికి చేరి చంపుతుంది.

తీయని తలుపులు

పది ఇళ్లలో ఒకటి రెండు తలుపులు తీయకపోవడం మామూలే. తాళం వేసిన ఫ్లాటు పెద్ద అడ్డంకి కాదు. తిండి లేని ఇంట్లో చిన్న బొద్దింక పెద్ద సంసారం పెట్టలేదు, అక్కడి ముప్పు ఎండిన నహానీ ట్రాపే. యజమాని డాలస్‌లో ఉన్నా, మెల్‌బోర్న్‌లో ఉన్నా తాళంచెవి ఇక్కడెవరో బంధువు దగ్గర ఉంటుంది. వీడియో కాల్‌లో చూపిస్తూ పది నిమిషాల్లో అట్టలు పెట్టి, నీళ్లు పోసి రావొచ్చు.

మనుషులుండి ఒప్పుకోని ఇల్లే కష్టం. గర్భిణి ఉందనో, పసిబిడ్డ ఉందనో భయపడేవాళ్లు ఉంటారు, స్ప్రే వాసన గుర్తుచేసుకుని వద్దంటారు. వాళ్లకి జెల్ సిరంజి చూపించి, అరల లోపల చుక్కలు తప్ప గాలిలోకి ఏమీ పోదని చెబితే ఎక్కువమంది ఒప్పుకుంటారు. అప్పటికీ వద్దంటే మందు లేకుండా అట్టలు మాత్రం పెట్టనివ్వమని అడగాలి. అట్టలో పడ్డవి వాళ్లే చూస్తే మాట మారుతుంది. ఏదీ కుదరకపోతే ఆ ఇంటికి పైనా, కిందా, పక్కనా ఉన్న ఇళ్లలో సందులు ముందే మూసి, రెండు గ్రాముల కాపలా జెల్‌ను నెలనెలా తాజాగా ఉంచాలి. ఇది పూర్తి విజయం కాదు, కంచె.

ఖర్చు ఎలా పంచుకోవాలన్నది గొడవలకు మూలం. వాడిన జెల్‌ని బట్టి లెక్కగడితే 302 మీద ఎక్కువ పడుతుంది, అది న్యాయంగానే కనిపిస్తుంది. కానీ అలా చేస్తే వచ్చే ఏడాది బొద్దింకలున్న ఇల్లు దాచిపెడుతుంది. డక్టు అందరిదీ కాబట్టి మెయింటెనెన్స్ నుంచి తీయడమో, పదిళ్లకు సమానంగా పంచడమో చవక. పని ఒప్పుకునే సంస్థకు క్రిమిసంహారక మందుల చట్టం, 1968 కింద లైసెన్సు ఉందో లేదో చూడాలి. ఒప్పందంలో "సంవత్సరం గ్యారంటీ" కన్నా ఏ జెల్, ఏ ఇంటికి ఎన్ని గ్రాములు, 14, 28, 56 రోజుల రాకలు, అట్టల లెక్క అన్నవి రాయించుకోవాలి.

నల్లులకు ఈ పద్ధతి వర్తించదు. అవి కూడా ఉమ్మడి గోడల సందుల్లోంచి పక్కింటికి పోతాయి, కానీ జెల్ తినవు, వాటి ఆహారం రక్తమే. అక్కడ వేడి ఆవిరి, పరుపు కవర్లు, వేరే మందులు కావాలి. ఉమ్మడిగా ఉన్నది ఒకటే: నల్లులు కనిపించిన ఇంటితోపాటు పైనా కిందా పక్కనా ఉన్న ఇళ్లు కూడా అదే వారం చూడాలి.

84వ రోజు అట్టల్లో పదిళ్లూ సున్నా చూపిస్తే, ఆ తర్వాత నెల కూడా సున్నానే వస్తే పని ముగిసిందనుకోవచ్చు. అప్పటినుంచి ఒక్కో వంటింట్లో సింకు కింద ఒక్క అట్ట, మూడు నెలలకోసారి మార్చడం. ఆ డక్టు మీద ఎవరైనా కొత్తగా అద్దెకు దిగితే మాత్రం మొదటి వారంలోనే నాలుగు అట్టలు పెట్టాలి, ఫ్రిజ్ వెనకది తప్పకుండా. సామాన్ల లారీలో వాళ్ల పాత అపార్టుమెంటు డక్టు కూడా కొంత దిగుతుంది.